ఎడమ వంపులో మాత్రమే మెరిసే స్కిడ్ లైటు: ఒక ఈఎస్‌సీ కేసు

పొడి రోడ్డు మీద, అరవై స్పీడులో, మామూలుగా నడుపుతున్న కారు జారదు. కానీ ఈ కారులోని ఈఎస్‌సీ, అంటే బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, మాత్రం ఎడమ వంపు వచ్చిన ప్రతిసారీ బండి జారుతోందనే నమ్మింది. డాష్‌బోర్డులో స్కిడ్ బొమ్మ టపటపా మెరిసేది, బ్రేకు యూనిట్ గర్రుమనేది, ఇంజన్ పవర్ తగ్గిపోయేది. కుడి వంపులో ఏమీ ఉండేది కాదు. నేరుగా వెళ్తే నూరు స్పీడులోనూ ఏమీ ఉండేది కాదు. స్కానర్ పెడితే ఒక్క ఫాల్ట్ కోడూ లేదు.

యజమాని గుంటూరు మిర్చి యార్డు దగ్గర వ్యాపారం చేసే మనిషి, రోజూ విజయవాడ వచ్చిపోతుంటాడు. "అన్నా, ఎడమకి తిప్పితే చాలు, వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగినట్టు ఉంటంది. వానల్లో అయితే సరే అనుకుందును, ఎండలో కూడా ఇదేంది?" అన్నాడు. ఆటోనగర్‌లో మా షెడ్డుకు రాకముందే ఇంకో చోట వెనక ఎడమ డ్రమ్ విప్పించాడు. అక్కడ బ్రేకు పట్టేస్తోందని శుభ్రం చేసి, షూలు సర్ది ఇచ్చారట. వాళ్ల అనుమానం ఊరికే వచ్చింది కాదు. తిరిగొచ్చాక చూస్తే వెనక ఎడమ డ్రమ్ కుడిదాని కంటే నిజంగానే వేడిగా ఉండేది. మేం ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసినప్పుడు కూడా ఇరవై డిగ్రీల దాకా తేడా కనిపించింది. కానీ చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతోంది. అంటే బ్రేకు పట్టేయడం లేదు, ఎవరో వేస్తున్నారు. డ్రైవర్ కాలు పెడల్ మీద లేకుండా ఒక్క చక్రానికే బ్రేకు వేయగలిగేది బండిలో ఒక్కటే, ఈఎస్‌సీ పంపు.

వెనక ఎడమ చక్రాన్నే ఎందుకు ఎంచుకుంటోంది అన్నదాంట్లోనే సగం జవాబు ఉంది. అది అర్థం కావాలంటే ఈ యూనిట్ జారుడును ఎలా కనిపెడుతుందో ముందు చెప్పాలి.

ఈఎస్‌సీకి రోడ్డు కనపడదు, టైరు జారడం కూడా నేరుగా కనపడదు. అది రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూస్తుంది. మొదటిది, డ్రైవర్ ఎటు వెళ్లాలనుకుంటున్నాడు. ఇది స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ చెబుతుంది. రెండోది, బండి నిజంగా ఎంత తిరుగుతోంది. ఇది యా రేట్ సెన్సర్ చెబుతుంది. పైనుంచి చూస్తే కారు తన నడిమధ్య నిలబెట్టిన ఊచ చుట్టూ సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో అదే యా రేట్. ఆ సెన్సర్ లోపల వేగంగా కంపించే చిన్న సిలికాన్ ముక్క ఉంటుంది. బండి తిరిగితే కొరియాలిస్ బలం ఆ ముక్కను పక్కకు నెడుతుంది, ఆ నెట్టుడును సెన్సర్ డిగ్రీల్లోకి మారుస్తుంది. 1995లో బాష్, మెర్సిడెస్ కలిసి ఎస్-క్లాస్‌లో ఈ సిస్టమ్‌ను తెచ్చినప్పుడు యా రేట్ సెన్సరే ఖరీదైన ముక్క. ఇప్పుడది చిన్న చిప్ అయిపోయి చాలా బండ్లలో ఏబీఎస్ యూనిట్‌లోనో, ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లోనో కూర్చుంటోంది.

స్టీరింగ్ ఎంత తిప్పితే బండి ఎంత తిరగాలి అన్న లెక్క యూనిట్ దగ్గర ముందే ఉంటుంది. దాని సాదా రూపం ఇది:

```
yaw_ref = v × δ / ( L × (1 + (v / v_ch)²) )
```

v అంటే సెకనుకు మీటర్లలో వేగం. δ అంటే ముందు చక్రాలు తిరిగిన కోణం, అంటే స్టీరింగ్ కోణాన్ని స్టీరింగ్ రేషియోతో భాగిస్తే వచ్చేది. L ముందు, వెనక చక్రాల మధ్య దూరం. v_ch ఆ మోడల్ స్వభావాన్ని బట్టి ఉండే ఒక వేగం. వేగం పెరిగే కొద్దీ ముందు టైర్లు కాస్త పక్కకు జరుగుతాయి కాబట్టి అదే స్టీరింగ్‌కు బండి మనం అనుకున్నంత తిరగదు. ఆ తగ్గుదలను లెక్కలోకి తెచ్చేది ఈ v_ch.

ఈ కారుకు L 2.6 మీటర్లు, స్టీరింగ్ రేషియో దాదాపు 15. v_ch కంపెనీ మనకు చెప్పదు, నేను గంటకు 90 కి.మీ. అని పట్టుకున్నాను, ఈ సైజు కారుకు అది సబబైన అంకె. 60 స్పీడులో స్టీరింగ్ 34 డిగ్రీలు తిప్పితే బండి సెకనుకు దాదాపు 10 డిగ్రీలు తిరగాలి అని లెక్క వస్తుంది. అంటే తొంభై అయిదు మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపు, హైవే నుంచి దిగే ర్యాంపు లాంటిది.

లెక్క ప్రకారం 10 రావాలి, సెన్సర్ 10కి దగ్గరగా చూపిస్తోంది, అంతా బాగుంది. లెక్క ప్రకారం 10 రావాల్సింది 16 వస్తే తోక బయటికి వెళ్తోందన్నమాట. అప్పుడు వంపుకు బయటి వైపున్న ముందు చక్రానికి బ్రేకు వేసి ఆ తిరుగుడును ఆపుతుంది. 10 రావాల్సింది 6 వస్తే ముందు చక్రాలు పట్టు వదిలి బండి నేరుగా జారిపోతోంది. అప్పుడు లోపలి వైపు వెనక చక్రానికి బ్రేకు వేసి ముక్కును వంపులోకి లాగుతుంది, ఇంజన్ పవర్ కూడా తగ్గిస్తుంది.

ఎడమ వంపులో లోపలి వెనక చక్రం అంటే వెనక ఎడమ చక్రమే. వేడెక్కిన డ్రమ్ అదే. అంటే బండి తిరగాల్సినంత తిరగడం లేదని యూనిట్ అనుకుంటోంది. ఇక తేల్చాల్సింది ఒక్కటే. బండి నిజంగా తక్కువ తిరుగుతోందా, లేక తిరగాల్సిన లెక్కే ఎక్కువ వస్తోందా?

దీనికి షెడ్డులో జవాబు దొరకదు. పొద్దున్నే ట్రాఫిక్ లేని టైములో మంగళగిరి దాటి కాజా టోల్ ప్లాజా వైపు తీసుకెళ్లాం. మా కుర్రాడు డ్రైవింగ్, నేను పక్క సీట్లో స్కానర్‌తో. స్పీడు, స్టీరింగ్ కోణం, యా రేట్, పక్క తోపుడు చూపే జీ సెన్సర్, నాలుగు చక్రాల స్పీడు, ఈఎస్‌సీ పనిచేస్తోందా లేదా అన్న సంకేతం, ఇవన్నీ ఒకేసారి రికార్డు పెట్టాను. డ్రైవర్ ఒక్కడే వెళ్లి స్కానర్ చూస్తూ నడపడం ప్రమాదం, ఎవరూ చేయొద్దు.

ముందు నేరుగా నడిపాం. స్టీరింగ్ చూడ్డానికి చక్కగా మధ్యలో ఉంది, లోగో నిటారుగా ఉంది. కానీ స్క్రీన్ మీద స్టీరింగ్ కోణం ఎడమకు 10 డిగ్రీలు. యా రేట్ సున్నా దగ్గరే ఊగుతోంది, జీ కూడా అంతే, చక్రాలన్నీ ఒకే స్పీడు. ఇక్కడ తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. మన రోడ్లు నీళ్లు పోవడానికి పక్కకు వాలుగా ఉంటాయి కాబట్టి నేరుగా పోవాలన్నా స్టీరింగ్ ఒకటి రెండు డిగ్రీలు పట్టుకోవాల్సి వస్తుంది. అందుకే లేన్ మార్చి, తర్వాత అటు నుంచి ఇటు కూడా వచ్చి చూశాం. 9, 11, 10. రోడ్డు వాలు అయితే పదికి దగ్గరగా ఇలా నిలకడగా ఉండదు.

తర్వాత ఎడమ వంపు, అరవైలో. మెరుపు రాగానే రికార్డులో ఆ క్షణం దగ్గర ఆగి చూస్తే స్టీరింగ్ 46, యా రేట్ 10. నలభై ఆరు డిగ్రీలకు సూత్రం ప్రకారం 13.6 రావాలి. తేడా 3.6. యూనిట్ దృష్టిలో బండి కావాల్సిన దాంట్లో మూడొంతులే తిరుగుతోంది, ముందు టైర్లు పట్టు తప్పాయి.

కానీ మిగతా సాక్షులు ఏమంటున్నారో చూడండి. బండి జారకుండా వంపు తిరుగుతున్నప్పుడు వేగాన్ని యా రేట్‌తో గుణిస్తే జీ సెన్సర్ చూపే అంకె రావాలి. సెకనుకు 16.7 మీటర్లు, యా రేట్ 10 డిగ్రీలంటే 0.175 రేడియన్లు, గుణిస్తే 2.9, అంటే 0.3 జీ. స్క్రీన్ మీద కూడా 0.3 ఉంది. చక్రాల స్పీడుతోనూ సరిచూడొచ్చు. ఎడమ, కుడి చక్రాల మధ్య మీటరున్నర దూరం ఉంటే, ఈ యా రేట్‌కు కుడి చక్రాలు గంటకు ఇంచుమించు ఒక కిలోమీటరు ఎక్కువ తిరగాలి. అక్కడా అంతే ఉంది. యా రేట్ సెన్సర్, జీ సెన్సర్, చక్రాల స్పీడు మూడూ ఒకే మాట మీద ఉన్నాయి. బండి ఎక్కడా జారడం లేదు. వేరే మాట చెబుతున్నది స్టీరింగ్ కోణం ఒక్కటే.

నిజంగా తోక జారినప్పుడు రికార్డు ఇలా ఉండదు. యా రేట్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, డ్రైవర్ భయపడి స్టీరింగ్ అటువైపు తిప్పేస్తాడు కాబట్టి కోణం ఒక దిక్కున, యా రేట్ ఇంకో దిక్కున ఉంటాయి. అర సెకనులోనే తేడా పది, ఇరవై డిగ్రీలు దాటుతుంది. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు ఏంటంటే, వేగం ఇంటూ యా రేట్‌కు, జీ సెన్సర్‌కు పొత్తు చెడుతుంది. బండి ముక్కు ఒక వైపు, ప్రయాణం ఇంకో వైపు మళ్లుతున్నప్పుడే ఆ రెండూ విడిపోతాయి. మా రికార్డులో అవి ఒక్క క్షణం కూడా విడిపోలేదు.

ఎడమ వంపులోనే ఎందుకు అన్నది కూడా ఇప్పుడు లెక్క తెగుతుంది. పది డిగ్రీల దొంగ కోణం అరవై స్పీడులో సెకనుకు దాదాపు 3 డిగ్రీల దొంగ యా రేట్‌ను పుట్టిస్తుంది. నేరుగా వెళ్తున్నప్పుడు అది ఏ స్పీడులోనూ 3.2 దాటదు. సూత్రంలో v_ch దగ్గర అది గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి తగ్గుతుంది. రికార్డులో ఈఎస్‌సీ సంకేతం మూడున్నర దగ్గర లేస్తోంది. అందుకే నేరు రోడ్డు మీద నిశ్శబ్దం. ఎడమ వంపులో దీనికి ఇంకో చిన్న తేడా తోడైంది. ముందు టైర్లలో గాలి 33 ఉండాల్సింది 28 ఉంది. మెత్తబడ్డ ముందు టైర్ల వల్ల బండి సూత్రం చెప్పిన దానికంటే కాస్త తక్కువ తిరుగుతోంది, 34 డిగ్రీలు తిప్పాల్సిన చోట 36 తిప్పాల్సి వస్తోంది. ఆ రెండు డిగ్రీలు, దొంగ పది డిగ్రీలు ఒకే దిక్కున కలిసి హద్దు దాటిస్తున్నాయి. కుడి వంపులో ఇవి ఎదురెదురు పడతాయి. అక్కడ సెన్సర్ 36కు బదులు 26 చూపిస్తుంది, లెక్క 7.7, నిజంగా తిరిగేది 10. తేడా 2.3 మాత్రమే, అదీ తోక జారుడు వైపు. హద్దుకు దూరం.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. నేను మూడు సాక్షులతో పట్టుకున్నది యూనిట్ ఎందుకు పట్టుకోలేదు, కోడ్ ఎందుకు పెట్టలేదు? ఈ సరిచూపు యూనిట్ కూడా చేస్తుంది. చాలా సిస్టమ్‌లు నేరుగా నడుస్తున్నప్పుడు చిన్న చిన్న తేడాలను నేర్చుకుని తీసేస్తాయి కూడా. కానీ ఎంత తేడా దాకా సర్దుకోవాలి, ఎంత దాటితే సెన్సర్ చెడిందని ప్రకటించాలి అన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. ఇక్కడ సెన్సర్ చెడిపోలేదు. సిగ్నల్ తెగలేదు, ఎగరలేదు, స్టీరింగ్ తిప్పిన ప్రతి డిగ్రీనీ సరిగ్గా లెక్కపెడుతోంది. మొదలుపెట్టే చోటే తప్పు. అలాంటి తప్పు కోడ్ దాకా పోకుండా మధ్యలో ఉండిపోతే, మనమే రోడ్డు మీద వెతకాలి.

పది డిగ్రీలు అన్న అంకె చూడగానే నాకు అనుమానం ఒకే చోటికి పోయింది. స్టీరింగ్ చక్రం కూర్చునే షాఫ్ట్ మీద పళ్లు ఉంటాయి. చాలా బండ్లలో 36 పళ్లు, అంటే ఒక పన్ను పక్కకు పెట్టి బిగిస్తే సరిగ్గా పది డిగ్రీలు. ఎయిర్‌బ్యాగ్ పని కాబట్టి ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాకే మాడ్యూల్ విప్పాం. షాఫ్ట్ మీద కంపెనీ వేసిన గుర్తు, చక్రం బోలు మీద గుర్తు ఒక పన్ను తేడాలో ఉన్నాయి.

తర్వాత బండిని లిఫ్ట్ మీదకు ఎక్కించి కింద చూశాం. స్టీరింగ్ ర్యాక్‌ను ముందు చక్రానికి కలిపే కడ్డీ టై రాడ్, ఎడమ వైపు దాని ఎండ్ కొత్తది. రెండు వైపులా లాక్‌నట్ బయట కనిపించే థ్రెడ్లు కొలిస్తే రెండున్నర మిల్లీమీటర్ల తేడా. అప్పుడు యజమానిని అడిగితే మొత్తం బయటపడింది. కొన్నాళ్ల కిందట గుంతలో పడి టై రాడ్ ఎండ్ మార్పించారు, అలైన్‌మెంట్ చేయించారు. ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణాన్ని, అంటే టోను, మొత్తం ఒక పక్క నుంచే సర్దడంతో, బండి నేరుగా పోతుంటే స్టీరింగ్ వంకరగా నిలిచింది. మళ్లీ వెళ్లి అడిగితే ఇంకొకరు స్టీరింగ్ చక్రం ఊడదీసి, ఒక పన్ను జరిపి నిటారుగా పెట్టి పంపారు. ఆయన కంటికి సమస్య తీరిపోయింది. ఈ కారులో కోణం సెన్సర్ కాలమ్ షాఫ్ట్ నుంచి కొలుస్తుంది, చక్రం నుంచి కాదు. చక్రం జరిగింది, షాఫ్ట్ పది డిగ్రీల వంకరలోనే ఉండిపోయింది. సెన్సర్ చెప్పింది నిజమే, షాఫ్ట్ నిజంగానే ఎడమకు తిరిగి ఉంది. సెన్సర్ క్లాక్ స్ప్రింగ్‌తో కలిసి, స్టీరింగ్ చక్రం నుంచే కదలిక తీసుకునే బండ్లు కూడా ఉన్నాయి, వాటిలో ఇదే పని చేస్తే లక్షణాలు వేరేగా ఉంటాయి. విప్పే ముందు ఏ రకమో తెలుసుకోవాలి.

ఇప్పుడు సులువైన దారి ఒకటి కనిపిస్తుంది. స్కానర్‌తో స్టీరింగ్ సెన్సర్‌కు జీరో కొట్టేస్తే లైటు ఆ రోజే ఆగిపోతుంది. మేం ఆ పని చేయలేదు. స్టీరింగ్ తిప్పితే పక్కకు జరిగి చక్రాలను తిప్పే ర్యాక్ ఇంకా మధ్యలో లేదు కదా. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ తిరిగే స్టీరింగ్ అలాగే ఉండిపోతుంది. రేపు ఎవరైనా బాధ్యతగా అలైన్‌మెంట్ చేసి ర్యాక్‌ను మధ్యకు తెస్తే, మనం కొట్టిన జీరో అప్పుడు తప్పవుతుంది, అదే జబ్బు అద్దంలో చూసినట్టు కుడి వంపులో మొదలవుతుంది.

అందుకే వరస మార్చాం. చక్రాన్ని కంపెనీ గుర్తుకు కలిపి బిగించాం, కొత్త నట్టు, చెప్పిన టార్క్. స్టీరింగ్ నిటారుగా పెట్టి లాక్ చేసి, అలైన్‌మెంట్ బే మీద ఒక పక్క టై రాడ్ పొడవు తగ్గించి, రెండో పక్క అంతే పెంచాం. మొత్తం టో మారదు, ర్యాక్ మాత్రం మధ్యకు వస్తుంది. ఒక్కో పక్కా మిల్లీమీటరు పావు జరిపితే చాలింది. ఇంత చిన్న కదలికే ఇంత గొడవ చేసింది.

ఆ తర్వాతే స్టీరింగ్ సెన్సర్, యా రేట్, జీ సెన్సర్‌లకు జీరో కాలిబ్రేషన్. దీన్ని షెడ్డు ముందు రోడ్డు మీద చేయకూడదు. నేల పక్కకు ఒక్క డిగ్రీ వాలినా జీ సెన్సర్ 0.017 జీ తప్పును సున్నాగా నేర్చుకుంటుంది, 72 స్పీడులో అది యా రేట్ లెక్కలో అర డిగ్రీ తేడా కింద తేలుతుంది. పోయిందేముంది అనిపించొచ్చు గానీ, హద్దు మూడున్నర అయినప్పుడు అర డిగ్రీ పెద్దదే. లెవెల్ బే మీద, లోపల ఎవరూ కూర్చోకుండా, తలుపులు వేసి, ఇంజన్ కంపనం లేకుండా చేశాం.

మొదటి టెస్టుకు ముందు టైర్ల గాలి కావాలనే 28 దగ్గరే వదిలాం. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అదే ఎడమ వంపు, అదే అరవై. స్టీరింగ్ 36, యా రేట్ 10, లెక్క 10.6. తేడా అర డిగ్రీ దాటి కాస్త, హద్దుకు చాలా దూరం. కుడి వంపులో కూడా అంతే వచ్చింది, దిక్కు మాత్రమే వేరు. గాలి 33 నింపి మళ్లీ వెళ్తే స్టీరింగ్ 34 దగ్గరికి వచ్చేసింది.

యజమాని ఇంకోటి అడిగాడు, న్యాయమైన ప్రశ్న. ఊరికే లైటు వెలిగితే పోనీలే అని అలా నడిపితే ఏమవుతుంది? వానలో ఏమవుతుందో చెప్పాను. తడి రోడ్డు మీద పట్టు సగానికి పడిపోతే అరవై స్పీడులో బండి సెకనుకు 13 డిగ్రీల కంటే ఎక్కువ తిరగలేదు, స్టీరింగ్ ఎంత తిప్పినా సరే. అందుకే జీ సెన్సర్ చూసి యూనిట్ తన లెక్కను ఆ పట్టు దగ్గరే ఆపేస్తుంది, లేకపోతే వెనక చక్రానికి బ్రేకు వేసి తోకను తనే తిప్పేస్తుంది. దొంగ పది డిగ్రీలు ఉన్నప్పుడు ఎడమ వంపులో అవసరం లేని బ్రేకు పడుతుంది. కుడి వంపులో అంతకంటే ఘోరం. ముందు చక్రాలు నిజంగా జారిపోతుంటే, ఆ మూడు డిగ్రీల ఎదురు తేడా జారుడును కప్పేస్తుంది, సాయం రావాల్సిన క్షణంలో ఆలస్యంగా వస్తుంది. ఆయనకు లైటు వెలిగే ఎడమ వంపే టెన్షన్. నాకు మాత్రం ఏమీ వెలగని కుడి వంపే ఎక్కువ భయం వేసింది.

రెండు వారాల తర్వాత సర్వీసుకు వచ్చినప్పుడు స్కానర్ పెట్టి చూశాను. నేరు రోడ్డు మీద స్టీరింగ్ కోణం ఒక డిగ్రీ లోపే. గుంటూరు నుంచి ఆగకుండా వచ్చిన బండి, వెనక డ్రమ్‌లు రెండూ ఒకే వేడిలో ఉన్నాయి.